బడి పిల్లలతో సర్వే: ఎథిక్స్ కమిటీకి రాసే లేఖలో రిస్కు, ప్రయోజనం (తరచుగా అడిగే ప్రశ్నలు)

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్, నర్సింగ్, సైకాలజీ, సోషల్ వర్క్ చదువుతూ థీసిస్ కోసం బడికి వెళ్లే విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్నలివి. గాల్లో మాట్లాడకుండా ఒక నమూనా సర్వేను పట్టుకుని జవాబులు చెబుతాను. గుంటూరు నగరంలో ఒక ప్రభుత్వ హైస్కూలు. 8, 9 తరగతులు. నాలుగు సెక్షన్లు, మొత్తం 240 మంది పిల్లలు. అంశం నిద్ర, ఫోను వాడకం, పరీక్షల ఒత్తిడి. ప్రశ్నపత్రం చివర దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9, టీనేజర్ల కోసం మార్చిన రూపంలో. బడి ఊహించినదే, చిక్కులు మాత్రం నిజమైనవి.

సూది లేదు, మందు లేదు. ఉత్త ప్రశ్నలే కదా, రిస్కు ఏముంటుంది?

ఎక్కువ లేఖలు వెనక్కి వచ్చేది ఈ ఒక్క వాక్యం వల్లే: "ఈ అధ్యయనంలో ఎలాంటి రిస్కూ లేదు." అది చదవగానే, రాసినవాళ్లు తమ ప్రశ్నపత్రాన్ని తామే సరిగా చదవలేదని కమిటీ సభ్యుడికి అర్థమైపోతుంది.

మన నమూనాలో పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చూడండి. గత రెండు వారాల్లో చనిపోతే బాగుండుననో, తనను తాను గాయపరచుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని అడుగుతుంది. "అస్సలు లేదు" నుంచి "దాదాపు ప్రతిరోజూ" దాకా 0, 1, 2, 3. పద్నాలుగేళ్ల అమ్మాయి 3 దగ్గర టిక్కు పెట్టింది. ఆ కాగితం మీ సంచిలో పడింది. ఇప్పుడు ఆ సంగతి తెలిసిన మనిషి మీరే. ఇంటికెళ్లి మూడు వారాల తర్వాత ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు చూసుకుంటారా? బడి సర్వేలో అసలు రిస్కు ఇక్కడుంది. ప్రశ్న అడగడం కన్నా, జవాబు వచ్చాక ఏమీ చేయకపోవడం పెద్ద రిస్కు.

మిగతావి చిన్నవే అయినా రాయాలి: పక్క బెంచీ వాడు జవాబు చూడటం, "నువ్వెందుకు రాయలేదు" అని టీచరు అడగడం, పేరు బయటికి పొక్కడం, ఒక పీరియడ్ పాఠం పోవడం.

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

హెడ్మాస్టర్లూ తల్లిదండ్రులూ ముందు అడిగేది ఇదే. కమిటీలోని సామాన్య సభ్యులూ అడుగుతారు. దీన్ని పరీక్షించారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులపై చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. మొదటి సర్వేలో ఆత్మహత్య ప్రశ్నలు ఒక వర్గానికి ఇచ్చి, మరో వర్గానికి ఇవ్వకుండా చూశారు. అడిగినవాళ్లలో మనోవేదన గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు.

లేఖలో ఈ మాట రాయండి, కానీ దాని మీదే వాలిపోకండి. అది మరో దేశంలో, సహాయ ఏర్పాట్లు ఉన్న బడుల్లో జరిగింది. "అడగడం వల్ల ఆలోచన పుడుతుందని ఆధారం లేదు. అయితే ముందే ఆ ఆలోచన ఉన్న పిల్లలు బయటపడతారు, వాళ్ల కోసం ఈ ఏర్పాటు చేశాం" అని రాస్తే చాలు, సభ్యులు తర్వాతి పేరాకు వెళ్తారు.

అయితే తొమ్మిదో ప్రశ్న తీసేస్తే గొడవ ఉండదుగా?

తీసేయొచ్చు. చాలామందికి అదే మంచిది. ఆ ప్రశ్న లేని రూపం పీహెచ్‌క్యూ-8 అని విడిగా ఉంది. జవాబు వచ్చిన వెంటనే ఆ మనిషిని చేరుకోవడం కుదరని సర్వేలకు అది సరిపోతుంది. మీ థీసిస్ లక్ష్యం నిద్రకూ ఫోనుకూ ఉన్న సంబంధమే అయితే, ఆత్మహత్య ఆలోచన గురించి అడగాల్సిన పని మీకేముంది? ఆసక్తిగా ఉంటుందనో, గైడు చేర్చమన్నారనో అడిగే ప్రశ్న కాదిది.

లక్ష్యమే మానసిక ఆరోగ్యం అయితే, ఆ ప్రశ్న లేకుండా అధ్యయనం కుంటుపడుతుంది. అప్పుడు ఉంచండి, దానితో వచ్చే బాధ్యత కూడా తీసుకోండి. ఏది ఎంచుకున్నా ఆ కారణం లేఖలో రెండు వాక్యాల్లో కనిపించాలి. మరో సంగతి: ప్రశ్న తీసేసినంత మాత్రాన కథ ముగియదు. పిల్లలు మార్జిన్లో రాస్తారు. "నాకు ఇంటికి వెళ్లాలని లేదు" అని ఓ మూల చిన్న అక్షరాలతో కనిపించవచ్చు. కాబట్టి కాగితాలను అదే రోజు తిరగేయడం ఎలాగూ తప్పదు.

పేర్లు లేకుండా చేస్తే గోప్యతకు ఢోకా ఉండదు కదా?

గోప్యతకు ఢోకా ఉండదు, నిజమే. కానీ 3 టిక్కు పెట్టిన అమ్మాయి ఎవరో కూడా మీకు తెలియదు. ఈ రెండూ ఒకే చోట కుదరవు. కొందరు లేఖలో ఒక పేరాలో "పేర్లు సేకరించం" అని, తర్వాతి పేరాలో "అవసరమైన విద్యార్థులను కౌన్సెలింగ్‌కు పంపుతాం" అని రాస్తారు. ఎవరిని పంపుతారు మరి?

తొమ్మిదో ప్రశ్న ఉంచితే కోడ్ పద్ధతి వాడండి. ప్రశ్నపత్రం మీద పేరుండదు, నంబరు ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే పుస్తకంలో, మీ దగ్గర కాకుండా గైడు బీరువాలో తాళం కింద ఉంటుంది. సర్వే రోజున మాత్రం దాన్ని బడికి తెస్తారు. చివరి బిడ్డను కలవడం అయ్యాక ఆ జాబితాను ఎప్పుడు నాశనం చేస్తారో తేదీతో సహా రాయండి.

పిల్లలు టిక్కు పెట్టాక ఏం చేస్తామో ఎంత వివరంగా రాయాలి?

గంటల లెక్కన రాయాలి. "అవసరమైతే రిఫర్ చేస్తాం" అన్నది ఏర్పాటు కాదు. మన నమూనాకు లెక్క కడదాం.

రోజుకు ఒక సెక్షన్, అంటే 60 మంది. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులు. శుక్రవారం, శనివారం సర్వే పెట్టుకోవద్దు. ఆ పిల్లలు ఆదివారం ఇంట్లో ఉంటారు, మీరు ఫోన్లో దొరకరు, బడి మూసి ఉంటుంది. శుక్రవారాన్ని మిగిలిపోయిన పిల్లలను కలవడానికి ఉంచుకోండి. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల వారం, సెలవులకు ముందు వారం కూడా వద్దు.

ఎంతమంది టిక్కు పెడతారో ముందు తెలియదు. ఏర్పాటు కోసం ఒక ఊహ తీసుకోవాలి. ప్రతి 20 మందిలో ఒకరనుకుంటే రోజుకు ముగ్గురు. ఒక్కొక్కరితో అరగంట మాట్లాడితే గంటన్నర. పదిమందిలో ఒకరైతే ఆరుగురు, మూడు గంటలు. ఉదయం రెండో పీరియడ్‌లో సర్వే చేసి, పదకొండుకల్లా ఇద్దరు కూర్చుని ఆ ఒక్క ప్రశ్నా మార్జిన్లూ చూసేస్తే, మధ్యాహ్న భోజనం అయ్యాక బడి వదిలేలోపు ముగ్గురితో మాట్లాడటం ఒక్క కౌన్సెలర్‌కు సాధ్యమే. ఆరుగురైతే ఇరుకు. కాబట్టి రెండో మనిషి పేరు కూడా లేఖలో ఉండాలి. సైకాలజీ విభాగం నుంచి గానీ గుంటూరు జీజీహెచ్ మానసిక వైద్య విభాగం నుంచి గానీ "ఈ తేదీల్లో అందుబాటులో ఉంటాం" అని సంతకం చేసిన కాగితం జతచేయండి. నోటిమాట చెల్లదు. మీరు సైకాలజీ పీజీ అయినంత మాత్రాన ఆ పని మీరే చేస్తామనడం కూడా సభ్యులు ఒప్పుకోరు. అడిగేవాళ్లూ ఆదుకునేవాళ్లూ ఒకరే అయితే పొరపాటు పట్టుకునే మూడో కన్ను ఉండదు.

ఇంకా ఒక చిక్కుంది. అటెండరు క్లాసులోకి వచ్చి "ఫలానా ముగ్గురూ రండి" అన్నాడనుకోండి. సాయంత్రానికి సెక్షన్ మొత్తానికీ తెలిసిపోతుంది. దీనికి తేలికైన మార్గం ఉంది. రోజూ ఎనిమిది, తొమ్మిది మందిని పిలవండి. వాళ్లలో కొందరు చిట్టీ తీసి ఎంచుకున్నవాళ్లు. వాళ్లను ప్రశ్నలు అర్థమయ్యాయా, ఏ పదం కష్టంగా ఉంది అని నిజంగానే అడగండి, అది మీకూ పనికొస్తుంది. పిల్లల అంగీకార పత్రంలో మాత్రం ఇది దాచకూడదు: "కొంతమందితో విడిగా మాట్లాడతాం. కొందరిని చిట్టీ తీసి పిలుస్తాం, కొందరిని రాసిన జవాబును బట్టి పిలుస్తాం."

"మీరు రాసింది ఎవరికీ చెప్పం" అని పిల్లలకు మాట ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. అది నిలబెట్టుకోలేని మాట.

పోక్సో చట్టం, 2012 లోని 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. పరిశోధకులకు మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మీ సర్వేలో లైంగిక వేధింపుల గురించి ఒక్క ప్రశ్న లేకపోయినా, విడిగా మాట్లాడేటప్పుడు పిల్లలు చెప్పవచ్చు. కాబట్టి అంగీకార పత్రంలో ముందే ఉండాలి. ఇలా రాయొచ్చు:

"నువ్వు రాసింది మీ టీచర్లకు చూపించం. కానీ నీకు ప్రమాదం ఉందని అనిపించినా, ఎవరైనా నిన్ను బాధపెడుతున్నారని తెలిసినా, నిన్ను కాపాడగలిగే పెద్దవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది. చెప్పే ముందు నీతో మాట్లాడతాం."

తొమ్మిదో ప్రశ్నకు టిక్కు పెట్టడం మాత్రం పోలీసుల దాకా వెళ్లే విషయం కాదు. ఈ రెండింటినీ కలిపేసి హెడ్మాస్టరు భయపడుతుంటారు, ఆయనకు విడమరచి చెప్పండి. అక్కడ చెప్పాల్సింది అమ్మానాన్నలకు, అదీ ఎవరికి చెబితే మేలో బిడ్డనడిగి. నాన్నంటే భయం, అమ్మమ్మతో చనువు అంటే ఆ మాట కౌన్సెలర్ వినాలి. ఇంట్లోనే ప్రమాదం ఉందని తేలితే దారి వేరు: 1098 బాలల హెల్ప్‌లైన్, పిల్లల సంక్షేమ కమిటీ. సర్వే అయ్యాక అందరికీ, టిక్కు పెట్టినా పెట్టకపోయినా, 1098, టెలీ మానస్ 14416 నంబర్లున్న చీటీ ఇవ్వండి.

ప్రయోజనాలు అనే చోట ఏం రాయాలి?

చాలా తక్కువ రాయాలి. పాల్గొన్న బిడ్డకు ఈ సర్వే వల్ల నేరుగా కలిగే ప్రయోజనం దాదాపు ఏమీ లేదు. అలాగే రాయండి, లేఖకు విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు. "విద్యార్థుల్లో ఒత్తిడి తగ్గుతుంది", "సమాజానికి ఎంతో మేలు" లాంటి మాటలు కమిటీ ఎర్ర పెన్నుతో కొట్టేస్తుంది. ప్రశ్నపత్రం నింపితే ఒత్తిడి ఎలా తగ్గుతుంది?

మన నమూనాకు నేనైతే ఇలా రాస్తాను: "పాల్గొనే విద్యార్థులకు నేరుగా ప్రయోజనం ఉండకపోవచ్చు. దిగులు ఎక్కువగా ఉన్నట్టు కనిపించిన కొద్దిమందిని డాక్టరుకు చూపించే అవకాశం కలుగుతుంది. అయితే ఈ ప్రశ్నపత్రం జబ్బును నిర్ధారించదు. కాబట్టి జబ్బు లేనివారిని కూడా పిలిచే వీలుంది, ఉన్నవారు తప్పిపోయే వీలూ ఉంది. నిద్ర మీద ఒక పీరియడ్ అవగాహన క్లాసు పాల్గొన్నవారికీ పాల్గొననివారికీ కలిపి చెబుతాం. సెక్షన్లవారీగా కాకుండా బడి మొత్తానికి కలిపిన ఫలితాలను హెడ్మాస్టరుకు ఇస్తాం."

పెన్నులు, బిస్కెట్లు ప్రయోజనం కింద రావు. ఇవ్వదలిస్తే క్లాసులో అందరికీ ఇవ్వండి. రాసినవాళ్లకే ఇస్తే అది ఆశ చూపడం అవుతుంది.

సెక్షన్లవారీ ఫలితం ఎందుకు వద్దంటే, "9-బి లో ఇద్దరు అమ్మాయిలకు తీవ్రమైన దిగులు" అని కాగితం మీద కనిపిస్తే, క్లాస్ టీచరుకు ఆ ఇద్దరూ ఎవరో కనిపెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ఐదుగురికన్నా తక్కువ ఉన్న ఏ గడినీ విడిగా చూపకండి.

రిస్కు ఏ స్థాయి అని రాయాలి?

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో నాలుగు మెట్లున్నాయి: కనిష్ఠం కన్నా తక్కువ, కనిష్ఠం, కనిష్ఠానికి కాస్త పైన, అంతకన్నా ఎక్కువ. తొమ్మిదో ప్రశ్న లేకపోతే కనిష్ఠం అని వాదించవచ్చు. ఉంటే మూడో మెట్టు అని మీరే రాసేయడం మంచిదని నా అభిప్రాయం. తగ్గించి రాసినా లాభం లేదు. పిల్లలు బలహీన వర్గం కింద వస్తారు కాబట్టి, రిస్కు కనిష్ఠమైనా ఇలాంటి ప్రతిపాదనను పూర్తి కమిటీ కూర్చుని చూడాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. "త్వరగా క్లియర్ చేయండి సార్" అనే మాటకు తావు లేదు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో మెంబర్ సెక్రటరీని కనుక్కుని, దానికి తగ్గట్టు బడి తేదీలు వేసుకోండి.

హెడ్మాస్టరు సంతకం ఉంది, డీఈఓ అనుమతి ఉంది. ఇంకా తల్లిదండ్రులది కావాలా?

కావాలి. ఆ రెండూ బడి గేటు దాటడానికి మాత్రమే. తల్లిదండ్రుల సమ్మతి వేరు, బిడ్డ అంగీకారం వేరు. ఏడేళ్లు దాటి పన్నెండేళ్ల దాకా నోటి అంగీకారం, పన్నెండు నుంచి పద్దెనిమిది లోపు రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. మన 8, 9 తరగతుల పిల్లలు సంతకం చేయాలి. ఇంట్లో సరేనన్నా బిడ్డ వద్దంటే వద్దే. బిడ్డ సరేనన్నా ఇంట్లో వద్దంటే కూడా వద్దే.

"ఇష్టం లేకపోతేనే సంతకం చేసి పంపండి, లేదంటే ఒప్పుకున్నట్టే" అనే చీటీలు కొందరు పంపుతారు. ఆ చీటీ ఎన్ని ఇళ్లకు చేరిందో, ఎన్ని స్కూలు బ్యాగు అడుగున నలిగిపోయిందో ఎవరికి తెలుసు? దాన్ని సమ్మతి అనుకోవద్దు. పేరెంట్స్ మీటింగ్ రోజు బడికి వెళ్లి, ఒక్కొక్కరికీ చెప్పి సంతకం తీసుకోవడమే దారి. చదవలేని తల్లి అయితే పత్రం చదివి వినిపించి, మీ బృందానికీ బడికీ సంబంధం లేని, చదవడం వచ్చిన సాక్షి ముందు వేలిముద్ర తీసుకోండి. ఉర్దూ మీడియం సెక్షన్ ఉంటే పత్రం ఉర్దూలోనూ ఉండాలి.

హాస్టల్ పిల్లలైతే వార్డెన్ సంతకం చాలదా?

చాలుతుందని అనుకోవద్దు. వార్డెన్ పిల్లల సంరక్షణ చూస్తారు, పరిశోధనకు ఒప్పుకునే హక్కు దానితో రాదు. పైగా వార్డెన్ అవునన్న పనికి కాదనగల హాస్టల్ పిల్లలు ఎంతమంది ఉంటారు? తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారం సమ్మతి తీసుకోండి. రాలేని దూరపు ఊరి వాళ్ల విషయంలో ఏం చేయాలో కమిటీనే లేఖలో అడగండి.

క్లాసులో టీచరు ఉండొచ్చా?

బయట వరండాలో ఉండొచ్చు. లోపల తిరుగుతూ కాగితాల్లోకి చూడకూడదు. బెంచీకి ముగ్గురు కూర్చునే గదిలో గోప్యత అనే మాటకు అర్థం లేదు కాబట్టి, పరీక్షల్లోలా దూరంగా కూర్చోబెట్టగల గది అడగండి. పాల్గొనని పిల్లలను బయటికి పంపకండి. అదే సైజు కాగితం మీద పదకేళి ఇస్తే, ఎవరు సర్వే రాస్తున్నారో ఎవరు గళ్లు నింపుతున్నారో దూరానికి తెలియదు. ఈ మూడు వాక్యాలూ లేఖలో ఉంటే, ఆ గదిని మీరు కళ్లారా చూసి వచ్చారని కమిటీకి తెలుస్తుంది.

లేఖ ఎంత ఉండాలి? ఏ భాషలో?

ఒకటిన్నర నుంచి రెండు పేజీలు. భాష మీ కమిటీ నియమం ప్రకారం. పిల్లలకూ తల్లిదండ్రులకూ ఇచ్చే పత్రాలు మాత్రం తెలుగులో, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. సభ్యుల్లో వైద్యం, చట్టం తెలియని సామాన్యులూ ఉంటారు, లేఖ వాళ్లకూ అర్థం కావాలి.

ముందు డేటా తీసుకుని తర్వాత అనుమతి తెచ్చుకోవచ్చా? స్కూళ్లకు సెలవులు వచ్చేస్తున్నాయి.

కుదరదు. జరిగిపోయిన పనికి కమిటీ అనుమతి ఇవ్వదు. ఆ డేటా థీసిస్‌కూ పనికిరాదు, అచ్చుకూ పనికిరాదు.

అనుమతి వచ్చాక విజయవాడలో మరో బడి కలపాలనుకుంటే?

సవరణ లేఖ రాసి, అది మంజూరయ్యాకే వెళ్లాలి. పాత లేఖలో బడి పేరు మార్చి పంపితే సరిపోదు. అక్కడికి గుంటూరు కౌన్సెలర్ అదే రోజు రాగలరా, లేకపోతే విజయవాడ జీజీహెచ్‌లో ఎవరు చూస్తారు, డీఈఓ కూడా వేరే జిల్లా వారు కదా, ఆ అనుమతి ఉందా అన్నవి మళ్లీ రాయాలి. ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న చేర్చినా ఇదే పద్ధతి. ముఖ్యంగా పీహెచ్‌క్యూ-8 అని అనుమతి తెచ్చుకుని బడిలో 9 పంచిపెట్టారంటే, అది కమిటీకి మీరు వెంటనే తెలపాల్సిన ఉల్లంఘన.